ఎర్రపెన్ను మేస్టారు

ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉంటారు. శుభలేఖ చేతికిస్తే ముహూర్తం చూడరు, అచ్చుతప్పు వెతుకుతారు. సాలూరులో ఆ ఒకాయన మా మేస్టారు. ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరుగా రిటైరయ్యారు గానీ ఆయన ఎర్రపెన్ను మాత్రం కాలేదు. లారీల ఊళ్లో ఉంటారు కాబట్టి లారీల వెనక రాతల్నీ వదలరు. సుంకి ఘాటు ఎక్కబోతున్న ఓ లారీని ఆపి "దీర్ఘం ఎక్కడ పోయిందయ్యా?" అనడిగితే, పోయింది టైరనుకుని డ్రైవరు కిందికి దిగి చుట్టూ చూశాడట.

కొండ మీద మా ఊరి అటవీ హక్కుల కమిటీకి నేను కార్యదర్శిని. పట్టాల దరఖాస్తుల మీద గ్రామసభ జరిగాక, మినిట్స్ టైపు చేయించి, పుస్తకంతో సహా ఆయన అరుగు మీద పెట్టాను. మేస్టారు తీర్మానం జోలికే పోలేదు. ముందు పేర్లు పట్టుకున్నారు. పైన హాజరు పట్టీ, మధ్యలో తీర్మానం, చివర సంతకాలూ వేలిముద్రలూ. ఒక్కో పేరునీ మూడు చోట్లా వేలితో వెతికి టిక్కు పెట్టుకుంటూ పోయారు. 'కొండగొర్రె' దగ్గర వేలు ఆగింది.

"ఏటిరా ఇది? ఇంటిపేరా, మందా?"

కొండగొర్రి మా వైపు జాతాపుల ఇంటిపేరు. టైపు కుర్రాడు గుడి తీసేసి ఎత్వం పెట్టాడు. 2006 చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేర్లతో జంటగా వస్తుంది. అంచేత ఆ ఒక్క గుడికి ఇద్దరూ తిరగాల్సి వచ్చేది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. హాజరులో 12వ పేరు సోమన్న, 31వ పేరు సోమయ్య.

"ఇద్దరా?"

"ఒకడేనండి. రేషన్ కార్డులో సోమన్న, ఆధార్‌లో సోమయ్య. రెండు చోట్లా ఎక్కించీసినాను."

మేస్టారు కళ్లజోడు తీశారు. మా ఊళ్లో సభ్యులు 76 మంది. సభ చెల్లాలంటే సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఆడవాళ్లకేం కొదవ లేదు. కానీ నేను రాసిన 38లో ఒకడు రెండుసార్లు ఉన్నాడు, అంటే వచ్చింది 37. సోమయ్య ఒక్కడే వచ్చి, ఒక్కడే వెళ్లిపోయి, మధ్యలో సభని ముంచేశాడు.

"పోన్లెండి మేస్టారూ, ఇంకొకరి చేత వేలిముద్ర ఏయించీస్తాను" అన్నాను. ఆయన చూసిన చూపుకి నాకు అయిదో తరగతి గుర్తొచ్చింది. "రాని మనిషిని పుస్తకంలోకి రప్పించకు. మళ్లీ సభ పెట్టు. తప్పు మీద ఒక్క గీత కొట్టు, కింద మాట కనబడాలి, పక్కన సంతకం పెట్టు. వైట్‌నర్ జోలికి పోయావంటే ఈ అరుగెక్కకు."

ఇక క్రియలు. బోరు చైను తెగిన సంగతి ఇలా రాశాను: 'చైను తెగింది. సోమయ్య చైను తెస్తారు. అందరూ ఒప్పుకుంటున్నారు.'

"తెస్తాడంటే? రోజూ తెస్తాడా, రేపు తెస్తాడా?"

నిజమే. మన భాషలో అలవాటుకీ మాటివ్వడానికీ క్రియ ఒక్కటే. 'ఆయన పొద్దున్నే లేస్తారు' అన్నా అదే, 'రేపు వస్తారు' అన్నా అదే. సభ అయిపోయింది కాబట్టి ఆయన 'తెస్తానని ఒప్పుకున్నారు' అని మార్చారు. ఒప్పుకోవడం అయిపోయింది, తేవడం మిగిలింది. ఇంకోచోట 'వచ్చే సంతకి' అన్నదాన్ని కొట్టేసి తేదీ వేయమన్నారు. ఏడాది తర్వాత పుస్తకం తెరిచినవాడికి వచ్చే సంత ఏదో ఏం తెలుస్తుంది?

చివరిది నాకు చాలా ఇష్టమైన వాక్యం: 'సర్వే జాప్యం గురించి మనము ఆఫీసుకి వెళ్లి త్వరలో తగు చర్యలు తీసుకొనుటకు తీర్మానించడమైనది.'

"ఇది ఎవరు చదువుతారు?"

"ఆఫీసరు గారండి."

"మనము అంటే ఆయన్నీ కలుపుకున్నట్టే. తన ఆఫీసుకి తనే అర్జీ పెట్టుకోవాలా? మేము అనరా! అయినా ఈ 'డమైనది'లో మనిషి ఏడీ?"

సోమయ్య పేరూ 20వ తేదీ రాయబోతే నా చెయ్యి పట్టుకున్నారు. "సభలో అలా అనుకున్నారా?"

"లేదండి. ఎవరో ఒకరు ఎళ్తారని…"

"అనుకోనిది నువ్వు రాయకు, నేనూ దిద్దను." అంచులో 'ఎవరు? ఎప్పటిలోగా?' అని ఎర్రగా రాసి, మళ్లీ సభలో అడిగి తేల్చుకోమన్నారు.

అంతలో లోపల్నుంచి అమ్మగారి గొంతు. "ఏమండీ, బెల్లం అయిపోయింది."

మేస్టారు పెన్ను దించకుండానే "ఎవరు తేవాలి? ఎప్పటిలోగా?" అన్నారు.

"మీరే. పొయ్యి మీద టీ మరిగేలోగా."

మేస్టారు ఒక్క క్షణం ఆలోచించారు. దిద్దడానికేమీ దొరక్క, పెన్నుకి మూత పెట్టి చెప్పులు వెతుక్కున్నారు.