నో సర్, ఎవ్రీథింగ్ ఈజ్ క్లియర్

ఇంటర్వ్యూ చివర్లో ‘మమ్మల్ని ఏమైనా అడగాలా?’ అనగానే ‘నో సర్, ఎవ్రీథింగ్ ఈజ్ క్లియర్’ అనాలని మన పిల్లలకు నూరిపోసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు దండేసి దండం పెట్టాలి. అమీర్‌పేటలో ఇంకొంచెం ముదిరిన గురువులు రెండు ప్రశ్నలు బట్టీ పట్టిస్తారు: ‘మీ కంపెనీ కల్చర్ ఎలా ఉంటుంది? గ్రోత్ ఉంటుందా?’ అవతలివాళ్లూ బట్టీ పట్టే వచ్చారు కనుక ‘మేమంతా ఒక ఫ్యామిలీ’ అంటారు. నిజమే. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేసి లేపే చనువు ఇంట్లోవాళ్లకు కాక ఇంకెవరికుంటుంది?

బచ్చన్నపేటలో బర్రెను కొనేవాడు పొద్దున, సాయంత్రం రెండు పూటలా పాలు పిండించి చూడందే పైసలు తీయడు. ‘మా బర్రె బంగారం’ అన్న మాటకు విలువ కట్టడు. అదే ఇంటి పిల్లగాడు జనగామలో రైలెక్కి హైదరాబాద్ పోయి, మూడేళ్ల బతుకును ‘ఫ్యామిలీ’ అన్న ఒక్క మాట మీద రాసిచ్చి వస్తాడు.

‘మీ దగ్గర కోడ్ రివ్యూ ఉందా?’ అని అడగడం దండగ. లేదన్న కంపెనీ భూమ్మీద లేదు. ‘మీరు చివరగా మెర్జ్ చేసిన మార్పును ఎవరు చూశారు, ఎంతసేపు ఆగింది, ఏం మార్పించారు?’ అని అడగండి. ‘నిన్న నాదే ఒకటి ఆపారు, పేమెంట్ ఫెయిలైతే ఏం చేయాలో టెస్ట్ రాయలేదని, సాయంత్రానికి పోయింది’ అంటే అక్కడ రివ్యూ ఉన్నట్టు. ‘మా ప్రాసెస్ చాలా స్ట్రిక్ట్’ అని గాల్లోకి చూశారంటే, అక్కడ ఎనిమిది వందల లైన్ల మార్పు కింద రెండు నిమిషాల్లో `LGTM` అని పడుతున్నట్టు. ఆ రెండు నిమిషాల్లో చదివింది ఫైళ్ల పేర్లే.

ఆన్‌కాల్ సంగతికి వస్తే ‘రొటేషన్ ఉంటుంది’ అన్న జవాబుతో మనవాళ్లు మురిసిపోతారు. రొటేషన్‌లో ఎందరున్నారు నాయనా? వారానికొకరి చొప్పున నలుగురుంటే ఏడాదిలో పదమూడు వారాలు మీవి. ఒకడు మానేస్తే పదిహేడు. ఇరవై నాలుగు గంటల కాపలాను ఒకే ఊళ్లోని టీమ్ మోయాలంటే కనీసం ఎనిమిది మంది కావాలని, పన్నెండు గంటల డ్యూటీలో రెండు ఘటనలకు మించి రాకూడదని గూగుల్ ఇంజనీర్లు 2016లోనే పుస్తకంలో రాశారు. మన దగ్గర ముగ్గురితో నడిపి, దానికి ‘ఓనర్‌షిప్’ అని పేరు పెడతారు.

కాబట్టి ఇలా అడగండి: ‘దసరాకు నేను మా ఊరికి పోతే ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? పోయినసారి రాత్రి మోగినప్పుడు ఏమైంది? మర్నాడు ఆ మనిషి ఎన్నింటికి ఆఫీసుకొచ్చాడు?’ సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టున ఫోన్ మోగుతుంది. డిస్క్ ఎనభై శాతం నిండిందట. లాప్‌టాప్ తెరిచి, చూశానని ఒక బటన్ నొక్కడం తప్ప చేసేదేమీ ఉండదు. రేపు మళ్లీ మోగుతుంది. మోగినా పని లేని ఆ అలారాన్ని తీసేసే తీరిక టీమ్‌కు ఉందా లేదా అన్నదే అడగాల్సింది. నైట్ అలవెన్స్ సంగతి ఆ తర్వాత.

ఇక రిలీజు. ‘మేం రోజుకు పదిసార్లు రిలీజ్ చేస్తాం’ అని ఛాతీ విరుచుకునేవాళ్లను ‘ముందు ఎంతమందికి పంపుతారు?’ అని అడగండి. 2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ తన విండోస్ కస్టమర్లందరికీ ఒక్కసారే ఒక చిన్న ఫైలును తోసింది. తప్పు తెలిసి 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది కూడా. కానీ అప్పటికే ఎనభై అయిదు లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. లేవలేని మెషీన్‌కు సవరణ అందదు కదా, చాలావాటి దగ్గరికి మనుషులే పోయి చేత్తో బాగుచేశారు. ఆ రోజు మన శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ముందు వందలో ఒకరికి పంపి కాసేపు ఆగి ఉంటే ఆ పెన్నుల అవసరం వచ్చేది కాదు. ఇక ‘చివరిసారి ఎప్పుడు రోల్‌బ్యాక్ చేశారు, ఎంతసేపు పట్టింది?’ అన్నది రెండో ప్రశ్న. ‘మాకా అవసరమే రాలేదు’ అన్నవాళ్లతో జాగ్రత్త. రాలేదంటే ఎలా చేయాలో తెలియదని.

ఇవన్నీ హెచ్‌ఆర్‌ను అడిగి ఆవిడను ఇబ్బంది పెట్టకండి, రాత్రి ఫోన్ మోగేది ఆవిడకు కాదు. టెక్నికల్ రౌండ్‌లో కూర్చున్న ఇంజనీరును అడగండి. అన్నీ కుదరకపోతే దసరా ప్రశ్న ఒక్కటి చాలు. ‘ఇన్ని అడిగితే ఉద్యోగం ఇవ్వరు’ అంటారా? చేతిలో వేరే ఆఫర్ లేని ఫ్రెషర్ జవాబు ఎలా ఉన్నా చేరతాడు, చేరాలి కూడా. కానీ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందని అడిగినందుకే వద్దనే టీమ్‌లో, ఆ ఫోన్ మీ దగ్గరే ఉండేది.