మొత్తం కుదిరిందని వదిలేస్తే ఎలా?

మా రోజుల్లో పట్టికను చెవితో సరిచూసేవాళ్ళం. ఒకరు అసలు కాగితం పట్టుకుని పైకి చదువుతుంటే, ఇంకొకరు నకలు మీద ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయేవారు. అంకెల్ని విడివిడిగా చదవాలన్నది నియమం. ఫ్యాను కింద ‘ఇరవై’ అంటే ‘అరవై’ అని వినబడుతుంది కాబట్టి ‘రెండు, సున్నా’ అనే చెప్పాలి. పేజీ అయ్యాక అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కూడి, రెండూ కింద మూలనున్న గడిలో కలిస్తేనే ఇద్దరూ సంతకం పెట్టేవారు. గణాంకాల సెక్షన్లో చేరిన కొత్తలో, ఫేసిట్ మిషను పిడి తిప్పుతూ నేను నేర్చుకున్న మొదటి విద్య ఇదే.

ఇప్పుడు ఎవరికీ ఇంత ఓపిక లేదు. పాత పుస్తకం పేజీని ఫోన్‌తో ఫొటో తీస్తారు, ఓసీఆర్ ప్రోగ్రాముకి ఇస్తారు, అది గడులన్నీ ఎక్సెల్లో పరిచేస్తుంది. ఆ వేగం మాకు లేదు, ఒప్పుకుంటాను. నా బాధల్లా ఆ పరిచిన అంకెల్ని అచ్చులో ఉన్న అంకెలే అనుకుని అలాగే వాడెయ్యడం గురించి. అక్షరం తప్పుగా చదివితే మాట చెడిపోయి కంటికి తెలుస్తుంది. అంకె తప్పుగా చదివితే తెలియదు. 438 పోయి 433 వస్తే, అదీ చక్కని అంకెలాగే ఉంటుంది.

మనిషి చేసే తప్పు వేరు, మిషను చేసే తప్పు వేరు. ఈ తేడాను పట్టించుకునేవాళ్ళు తక్కువ. నకలు రాసే గుమాస్తా అలసిపోతే అంకెల్ని ముందువెనకలు చేస్తాడు, 1,172ని 1,127 అని రాస్తాడు. అలాంటి తప్పులో తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది, ఇక్కడ 45. అందుకే మొత్తం కుదరకపోతే ముందు ఆ తేడాను తొమ్మిదితో భాగించి చూసేవాళ్ళం. ఓసీఆర్ ముందువెనకలు చేయడం అరుదు. అది ఆకారాన్ని చూసి ఒక అంకె బదులు ఇంకో అంకె పెడుతుంది. సిరా చాలక ఎడమవైపు విరిగిన 8ని 3 అంటుంది, సిరా నిండిన 3ని 8 అంటుంది, 1ని 7, 6ని 0 అంటుంది. ఒక్క అంకె మారింది కాబట్టి తేడాలో కూడా సున్నా కాని అంకె ఒక్కటే ఉంటుంది: 5, 50, 500 అలా. తేడా 5తో మొదలైతే ముందు 3, 8ల జంటను అనుమానించాలి. 6తో మొదలైతే 1, 7ల జంటను, లేదా 6, 0ల జంటను చూడాలి. ఒక్క గడిలోనే తప్పుంటే ఈ పద్ధతి దారి చూపిస్తుంది. రెండు మూడు తప్పులు ఒకే వరుసలో పడితే తేడాలు కలగలిసిపోతాయి, అప్పుడు గడి గడీ చూడక తప్పదు.

మా మేనల్లుడు తన ఊరి చరిత్ర రాస్తానని 1961 జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ పేజీలు ఫొటో తీసి తెచ్చాడు. ఆ పట్టికల్లో ప్రతి ఊరికీ మొత్తం జనం, మగవాళ్ళు, ఆడవాళ్ళు అని మూడు గడులుంటాయి. వాడికి పని ఎలా చేయాలో చూపించడానికి నాలుగు ఊళ్ళంత చిన్న పట్టిక నేనే కట్టి, ఒక గడిలో తప్పు దించాను. మొదటి ఊరు 1,286 మంది: మగవాళ్ళు 648, ఆడవాళ్ళు 638. రెండోది 2,315: 1,172, 1,143. మూడోది 884: 433, 446. నాలుగోది 1,607: 811, 796. అడుగున మొత్తాలు 6,092, 3,069, 3,023.

అడ్డంగా చూస్తే మూడో ఊరు కుదరదు. 433, 446 కలిపితే 879, ఉండాల్సింది 884, ఐదు తక్కువ. మా వాడు వెంటనే ఆడవాళ్ళ గడిలో 451 కొట్టి, “టాలీ అయిపోయింది మావయ్యా” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిలువుగా కూడి చూడమన్నాను. ఆడవాళ్ళ వరుస అంతవరకూ సరిగ్గా ఉన్నది, ఇప్పుడు 3,028 వచ్చి ఐదు ఎక్కువైంది. మగవాళ్ళ వరుస 3,064 దగ్గరే ఉండి ఐదు తక్కువ. అంటే ఉన్న తప్పు ఉండగానే ఇంకో తప్పు పుట్టింది. వాడు ఆ గడిని మళ్ళీ 446 చేశాక అడ్డంగానూ నిలువుగానూ అదే ఐదు తక్కువ వచ్చే గడి ఒక్కటే మిగిలింది: మూడో ఊరి మగవాళ్ళు, 433. తేడా ఐదు, కాబట్టి చివరి 3 నిజానికి 8 అయి ఉండాలి.

నిజం పట్టికైతే ఇక్కడే ఆగి పేజీ తెరవాలి. కూడిక మనకు తప్పు ఎక్కడుందో చెబుతుంది. అక్కడ ఏముందో చెప్పాల్సింది మాత్రం పేజీయే. ఆ గడిని పెద్దది చేసి చూసి, నిజంగా 438 కనబడితేనే 438 రాయాలి. కుదిరే అంకెను ఊహించి గడిలో పెట్టడం మా సెక్షన్లో దొంగపని కింద లెక్క. ఇప్పుడు దాన్నే ‘క్లీనింగ్’ అంటున్నారు.

మొత్తాల వరుసను కూడా నమ్మకూడదు. అదే పట్టికలో కింది 6,092ని ఓసీఆర్ 6,002 అని చదివిందనుకోండి. ఊళ్ళన్నీ అడ్డంగా కుదురుతాయి, నిలువుగా మాత్రం 90 తేడా వస్తుంది. 90 కూడా తొమ్మిదితో భాగించబడుతుంది కదా అని పాత సూత్రం పట్టుకుని ముందువెనకలైన అంకె కోసం ఊళ్ళన్నీ గాలిస్తే పొద్దు గడిచిపోతుంది. కింది వరుసలోనే 3,069ని 3,023తో కూడితే 6,092 వస్తుంది. ఊళ్ళ కూడికా అదే చెబుతోంది. కాబట్టి తప్పు మొత్తం గడిలోనే ఉంది, పదుల స్థానంలో 9ని 0గా చదివింది.

ఎక్సెల్లో ఇంకో మోసం ఉంది, దాన్ని ముందే తీసేయాలి. 8ని ఓసీఆర్ B అని చదివితే గడిలో 43B పడుతుంది. అది ఎక్సెల్ లెక్కలో అంకె కాదు, మాట. SUM ఆ గడిని దాటేసి, ఏమీ చెప్పకుండా మిగతావాటిని కూడి ఇచ్చేస్తుంది. ఒక ఊరి జనం మొత్తం గల్లంతైనా ఎర్ర గీత కూడా పడదు. అందుకని మగవాళ్ళ వరుసలో అంకె కాని గడులు ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టండి. ఆ తర్వాత ప్రతి ఊరి పక్కన మొత్తంలోంచి మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ తీసేసి, సున్నా వస్తోందా అని చూడండి.

```
=COUNTA(C2:C31)-COUNT(C2:C31)
=B2-C2-D2
```

మొదటిది సున్నా కాకపోతే ఆ వరుసలో అక్షరం గానీ విడి చుక్క గానీ ఉన్నట్టు.

ఈ అక్షరాల బెడద పోవాలని కుర్రవాళ్ళు ఓసీఆర్‌కి అంకెలు తప్ప ఇంకేమీ చదవొద్దని ముందే కట్టడి పెడతారు. టెసెరాక్ట్‌లో దాన్ని `tessedit_char_whitelist` అంటారు. విన్నప్పుడు తెలివైన పనే అనిపిస్తుంది. కానీ 43B అని వస్తే అది తప్పని కళ్ళకు కనబడేది. కట్టడి పెట్టాక అదే మరకను ఏదో ఒక అంకెగా మార్చి ఇస్తుంది. ఊరి పక్కన ‘లేరు’ అనడానికి అచ్చువాళ్ళు పెట్టిన చుక్కలు, గీతలు కూడా అంకెలైపోవచ్చు. నా మాట వింటే, మొదటిసారి కట్టడి లేకుండా చదివించండి. అక్షరాలు పడ్డ గడులన్నీ పేజీతో సరిచూడండి. O కనబడగానే అన్నిచోట్లా ఒక్క దెబ్బతో 0 చేసేయకండి, O అన్నది ఒక్కోసారి చెడిపోయిన 6 కూడా అయి ఉంటుంది.

గడుల మధ్య నిలువు గీత ఇంకో శత్రువు. గీత అంకెకు ఆనుకుని ఉంటే దాన్ని 1 అనుకుని ముందు తగిలిస్తుంది, 811 కాస్తా 1811 అవుతుంది. నేను కట్టిన పట్టికలో వెయ్యి దాటిన ప్రతి అంకెకూ కామా ఉంది. కామా లేని నాలుగంకెల సంఖ్య ఎక్కడ పడినా అది అనుమానించాల్సిందే. మన లెక్కలో కుడి నుంచి మూడు అంకెలకి ఒక కామా, ఆపైన రెండేసి అంకెలకి ఒకటి. 1,23,456 అని ఉండాల్సిన చోట 1,23,56 అనో 12,3,456 అనో వస్తే అంకె జారిందనో కామా జారిందనో వెంటనే తెలుస్తుంది. ఎక్సెల్లో వేసేటప్పుడు ముందు కామాలు తీసేయడం అందరికీ అలవాటు. తీసేసే ముందు వాటి చోట్లు చూసుకోండి, అవి ఉచితంగా దొరికిన సాక్ష్యం. పుస్తకం కుట్టు దగ్గర పేజీ వంగితే ఈ గీతల గొడవ ఎక్కువవుతుంది. పేజీని చదునుగా పరిచి, నీడ పడకుండా నిటారుగా తీయండి, స్కానరైతే 300 డీపీఐకి తగ్గకండి.

అచ్చు పుస్తకమే తప్పు అయితే? ఇదీ జరుగుతుంది. పేజీ పెద్దది చేసి చూస్తే అంకె స్పష్టంగా ఉంటుంది, అయినా కూడిక కుదరదు. అలాంటప్పుడు ఆ అంకెను మార్చే హక్కు మనకు లేదు. ఉన్నది ఉన్నట్టు ఉంచి, పక్క గడిలో ‘అచ్చులోనే తేడా’ అని రాయాలి. అంకెల్ని వేలకో లక్షలకో కుదించిన పట్టికల్లో మొత్తం ఒకటి రెండు తేడా రావడం, శాతాలు వందకు కుదరకపోవడం తప్పే కాదు. అలాంటివాటిని కూడా మనవాళ్ళు టాలీ చేసేస్తున్నారు.

అడ్డం గానీ నిలువు గానీ ఒక్కటే చూస్తే జారిపోయే తప్పులు ఉంటాయి. ఒకే ఊరిలో మొత్తం జనం గడి, మగవాళ్ళ గడి రెండూ ఒకే స్థానంలో 8కి బదులు 3 అయితే అడ్డంగా కుదిరిపోతుంది, నిలువే పట్టిస్తుంది. ఒకే వరుసలో ఒక ఊరు ఐదు తగ్గి ఇంకో ఊరు ఐదు పెరిగితే నిలువు కుదిరిపోతుంది, అడ్డం పట్టిస్తుంది. అందుకే ఒక్క దిక్కు చూసి వదిలేయకూడదు. 1961 పట్టికలో మూడో సాక్ష్యం కూడా ఉంది: పనిచేసేవాళ్ళనీ పనిచేయనివాళ్ళనీ కలిపితే ఊరి జనం రావాలి. అదీ కూడండి.

పాత పట్టికలు ఎక్కించే ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఒక్కటే. ఓసీఆర్ ఇచ్చిన అంకెను చెరిపేయకండి. దాని పక్కన మీరు పేజీ చూసి రాసిన అంకె, ఆ పక్కన పేజీ నంబరు ఉంచండి. ఆ పేజీ ఫొటోను కూడా ఫైలుతోపాటే ఇవ్వండి. రేపు మీ లెక్క మీద ఎవరికైనా అనుమానం వస్తే, మీతో పనిలేకుండా పేజీ తీసి తామే సరిచూసుకుంటారు.