మొహమాటాసుర సంహారం

శ్రీ పరాభవ నామ సంవత్సర ఆరంభాన, మార్చి వచ్చినా చలి వదలని షికాగో శివారులో, ఒంటి పడకగది దుర్గంలో మా మిత్రుడు ఏకాకిగా రాజ్యమేలుతున్నాడు. ఆ ప్రభువు ధాన్యాగారమైన ఫ్రిజ్‌లో ఉన్నవి ఒక పెరుగు డబ్బా, సగం కోసిన ఉల్లిపాయ, అడుగంటిన ఆవకాయ సీసా.

2026లో ఉగాది మార్చి 19న, గురువారం పడింది. అమెరికాలో సెలవు లేని పండగ శనివారం దాకా ఆగాల్సిందే. కనుక బుధవారం రాత్రే రణభేరి మోగించాను, అనగా ఫోన్ చేశాను.

మిత్రుడు వంశపారంపర్యంగా వచ్చిన మొహమాటాస్త్రాన్ని సంధించాడు. "ఫ్యామిలీ పండగ కదరా, మధ్యలో నేనెందుకు?"

"వీలున్నప్పుడు రా" అనే మాట ఈ అస్త్రం ముందు గడ్డిపోచ. వీలు ఎన్నటికీ కుదరదు. "శనివారం పదింటికి కారేసుకొస్తా, కింద నిలబడు" అన్నాను. శత్రువు తడబడి, "పోనీ ఏం తీసుకురాను?" అన్నాడు. ఏమీ వద్దంటే పెద్ద కేకు మోసుకొస్తాడని ఎరిగినవాణ్ణి గనుక, "అరటిపళ్లు చాలు" అన్నాను. ఇంతలో మా ఆవిడ వంటింట్లోంచి బ్రహ్మాస్త్రం వదిలింది. "అన్నయ్యా, మామిడికాయ తురమడానికి మనిషి లేరిక్కడ!" అంతటితో కోట కూలింది. చుట్టంగా రావడానికి జంకేవాడు కూలీగా అయితే పరుగెత్తుకొస్తాడు.

శనివారం వంటిల్లే కురుక్షేత్రం. షికాగో చలికి వేపచెట్టు బతకదు. పచ్చడిలోకి డెవాన్ అవెన్యూ కొట్లో ఎండు వేపపువ్వు కొనుక్కొచ్చి, నేతిలో దోరగా వేయించాం. బొబ్బట్ల పూర్ణం దగ్గర మాత్రం సేనాధిపతి కన్ను పొయ్యి మీంచి కదల్లేదు. ఉడికిన శనగపప్పులో నీళ్లు మిగిలినా, బెల్లం పాకం పలచగా ఉన్నా, వత్తేటప్పుడు పిండికవచం చీల్చుకుని పూర్ణం బయటపడుతుంది. గుచ్చిన చెంచా పడకుండా నిలబడ్డాకే మంట ఆర్పమని ఆజ్ఞ అయింది.

పులిహోర పోపులో ఎండుమిరప చిటపటలాడిందో లేదో, కప్పుకు కరుచుకున్న ఒంటికంటి రక్కసి స్మోక్ అలారం దిక్కులు పిక్కటిల్లేలా అరిచింది. అంతదాకా తలవంచుకు తురుముతున్న మిత్రుడు ఒక్క దూకున కుర్చీ ఎక్కి, తువ్వాలు ఝళిపించి దాన్ని మట్టుబెట్టాడు. ఆ విజయోత్సాహంలో మొహమాటం ఎక్కడ జారిపోయిందో గానీ, నాలుగో బొబ్బట్టుకు నెయ్యి తనే అడిగి వేయించుకున్నాడు.

సాయంత్రం మిగిలినవి పెరుగు డబ్బాల్లో కట్టబోతుంటే మా ఆవిడ కళ్లతోనే ఆపింది. అవి పారేసినా ఎవరూ అడగరు. అందుకని పుట్టింటి స్టీలు క్యారేజీ తీసి నింపింది. "జాగ్రత్త అన్నయ్యా, అది మా అమ్మది. వచ్చేవారం శ్రీరామనవమి కదా, పానకం వేళకి పట్టుకొచ్చెయ్యండి."