చవితి షాపు బోర్డు ఎలా రాయాలి? ఏదీ తేలకుండా రాయాలి

ఈసారి వినాయక చవితి సెప్టెంబరు 14, సోమవారం. కొత్తగా బొమ్మల షాపు పెడుతున్నవాళ్ళకి నా మొదటి సలహా ఏమిటంటే, ఆ ముక్క బోర్డు మీద రాయకండి. నిరుటి ఫ్లెక్సీ అటక మీద ఉండే ఉంటుంది, దాన్నే దించండి. దాని మీద ఆగస్టు 27, బుధవారం అని ఉంటుంది. తేదీ మీద తెల్లకాగితం అతికించి స్కెచ్ పెన్నుతో కొత్తది రాస్తే సరి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చి పండగ పద్దెనిమిది రోజులు ఆలస్యమైందన్న సంగతి అందరికీ గుర్తుండదు. వానకి కాగితం ఊడిందా, ఊడనివ్వండి. ఆగస్టులోనే కంగారుపడి అడ్వాన్సు ఇచ్చేవాళ్ళు నలుగురు దొరుకుతారు.

ఇక బొమ్మ దేనితో చేశారో చెప్పడం. ఇందులో చాలామంది అమాయకులు "పచ్చిమట్టి" అని రాసేస్తారు. ఆ మాట రాశారంటే పచ్చిమట్టి బొమ్మే ఇవ్వాల్సి వస్తుంది. మీరు "ఎకో ఫ్రెండ్లీ" అని రాయండి, పక్కన ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ వేయించండి. ఆ ఆకు కింద ఏదైనా పడుతుంది. అచ్చులో ఒత్తి నీడన ఆరబెట్టిన పచ్చిమట్టి బొమ్మ పడుతుంది. ఆవంలో కాల్చిన మట్టి బొమ్మా పడుతుంది. అదీ మట్టేగా! కాకపోతే కాలిన మట్టి కుండపెంకులా నీళ్ళలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. కాగితపు గుజ్జు బొమ్మ పడుతుంది. గోధుమరంగు పొడి కలిపి పోత పోసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ కూడా నిక్షేపంగా పడుతుంది. ప్లాస్టర్, థర్మాకోల్, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ విగ్రహాలకు వాడొద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే నెలలోనే మార్గదర్శకాలు ఇచ్చింది కదా అని ఎవరైనా చదువుకున్నాయన అడిగితే, ఆకు బొమ్మ చూపించండి.

"నీళ్ళలో కరుగుతుందా?" అని అడిగితే "ఎందుకు కరగదండీ, కాస్త టైము పడుతుంది" అనండి. అబద్ధం కాదు. పచ్చిమట్టి బొమ్మ బకెట్లో వేస్తే తెల్లారేసరికి బురదై అడుగున కూర్చుంటుంది, దాన్ని తులసి కుండీలో పోసుకోవచ్చు. ప్లాస్టర్‌కి నెలలు పడుతుంది. నెలలు కూడా టైమే.

అన్నిటికంటే ముఖ్యం, బొమ్మని ఎవరూ తిరగేసి చూడకుండా కాపాడుకోవడం. బొమ్మ అడుగున రంగు వేయరు. గుట్టంతా అక్కడే ఉంది. కొందరు గోరుతో గీకుతారు. దానికి భయపడక్కర్లేదు, మట్టి బొమ్మకి కూడా రంగుకి ముందు సుద్దపూత వేస్తారు గనక పైపైన గీకితే రెండిట్లోనూ తెల్లపొడే రాలుతుంది. ప్లాస్టర్‌లో రంగు కలిపారనుకోండి, లోతుగా గీకినా గోధుమరంగే కనిపిస్తుంది. బరువు చూసేవాళ్ళనీ ఎలాగో ఏమార్చవచ్చు. ప్లాస్టర్ బొమ్మ పల్చటి డొల్ల గనక చేతికి తేలిగ్గా వస్తుంది, మట్టిది అదే ఎత్తులో ఉండి చేతులు లాగేస్తుంది. "మేలురకం మట్టి అండీ, తేలిగ్గా ఉంటుంది" అంటే నమ్మేవాళ్ళు నమ్ముతారు. భయపడాల్సింది తడివేలుకి. మంచినీళ్ళ సీసా చేతిలో ఉన్న పెద్దావిడ ఎవరైనా షాపులోకి వస్తే మీ కన్ను ఆవిడ మీదే ఉండాలి. వేలు తడిపి, బొమ్మ అడుగున ఒకే చోట కాసేపు రుద్దుతుంది. పచ్చిమట్టి అయితే వేలికి జారుడుగా బురద అంటుకుంటుంది. ప్లాస్టరయినా, కాల్చిన మట్టయినా తడిని పీల్చుకుంటుంది తప్ప బురద రాదు. అంతే, మీ ఆకుపచ్చ ఆకు ఎండిపోయినట్టే. అందుకని బొమ్మలన్నిటికీ ముందే పసుపు కుంకాలు పెట్టి, "దేవుణ్ణి తిరగేయకూడదమ్మా, అపచారం" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. బోర్డు మీద స్పష్టంగా రాయదగ్గ వాక్యం ఇదొక్కటే.

రంగుల సంగతి అసలు ఎత్తకండి. నీటిరంగులు వేసిన మట్టి బొమ్మ త్వరగా కరుగుతుంది. మిలమిల మెరిసే ఎనామిల్ పూసిన మట్టి బొమ్మకి తొడుగు వేసినట్టే, నీళ్ళు లోపలికి పోక బింకంగా కూర్చుంటుంది. అంటే నికార్సైన మట్టి కొని కూడా నిమజ్జనం దగ్గర మోసపోయే సదుపాయం ఉంది. దాన్ని బోర్డు మీద పెట్టి పాడుచేసుకోవడం దేనికి?

ఇప్పుడు బుకింగు తేదీలు. "బుకింగులు జరుగుచున్నవి" అని రాయండి. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు అన్నది రాయకండి. ఆఖరు తేదీ ఒకటి పెట్టుకున్నవాడు ఆ తర్వాత వచ్చిన డబ్బుని "వద్దు" అనాల్సి వస్తుంది. చవితి నాడు ఉదయం దాకా తలూపుతూనే ఉండండి.

ఉదాహరణకి సెప్టెంబరు 3న ఒక అపార్టుమెంటువాళ్ళు వచ్చి రెండడుగుల మట్టి వినాయకుడు కావాలన్నారనుకోండి. నారింజరంగు పంచె, ఎడమవైపు తొండం, చేతిలో లడ్డు. పదకొండు రోజులుంది. "తప్పకుండా" అని అయిదు వందలు అడ్వాన్సు పుచ్చుకోండి. ఇక మట్టి తన పని తాను చేసుకుంటుంది. తొక్కి మెత్తగా చేసిన మట్టిని అచ్చులో ఒత్తాలి, కాస్త గట్టిపడేదాకా ఒకటి రెండు రోజులు అందులోనే ఉంచాలి. తీశాక నీడన ఆరాలి. రెండడుగుల బొమ్మ అంటే ఈ వానల్లో తక్కువలో తక్కువ పది రోజులు, ముసురు పట్టిందంటే పదిహేను. ఆపైన సుద్దపూత, రంగులు, కళ్ళు దిద్దడం, ఇంకో రెండు మూడు రోజులు. మొత్తం మీద రెండు మూడు వారాల పని. మీకున్నవి పదకొండు రోజులు. ఏం చేస్తారు? ఎండలో పెడతారు. పైపొర గబగబా ఆరి బిగుసుకుంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పైది లాగేసరికి బలహీనంగా ఉన్నచోట, అంటే తొండం మొదట్లో, మెడ దగ్గర, చేయి అతికించినచోట చీలిక వస్తుంది. చీలికలో తడిమట్టి కూరి, దాని మీదే రంగు పూయండి. చవితి నాడు అందంగానే ఉంటుంది. పీట మీద వేసిన కొత్త గుడ్డ మాత్రం సాయంత్రానికి చెమ్మగా అవుతుంది, మర్నాడు పొట్ట మీద రంగు పెచ్చులు లేస్తుంది. మూడోరోజు తొండం సంగతి అపార్టుమెంటు సెక్రటరీ మీకు ఫోన్లో చెప్తాడు. ఆ పాటికి మీ షాపు ఎత్తేసి ఉంటారు, ఫోను ఎత్తకపోతే సరి.

ఎత్తు విషయంలో కూడా మట్టి మనకి సాయం చేస్తుంది. అడుగు ఎత్తున్న అచ్చులో తీసిన బొమ్మ ఆరేసరికి అర అంగుళం నుంచి అంగుళం దాకా కుంచించుకుపోతుంది. మీరు అచ్చు కొలతే చెప్పండి. పీట, కిరీటం, వెనక చక్రం కలిపి చెప్తే ఇంకా మంచిది. కొన్నాయన ఇంట్లో మందిరం అర ఎంత ఎత్తుందో ఆయన చూసుకుంటాడు, మనకెందుకు?

పూజా సామగ్రికి ఒక్క ముక్క చాలు: "పూర్తి సెట్". అందులో ఏముందో రాయొద్దు. ఇరవయ్యొక్క పత్రి అని నోటితో చెప్పి, గరిక, మామిడి, రావి, జిల్లేడు, రేగు కట్టేసి, మిగతాది రోడ్డు పక్కన దొరికిన ఆకుతో నింపేయండి. వాకుడు, విష్ణుక్రాంతం, దేవదారు, వావిలి గుర్తుపట్టగలిగినవాళ్ళు కాలనీకి ఒకరుంటారు. వాళ్ళు పొద్దున్నే వచ్చేస్తారు, కాబట్టి మంచి కట్టలు నాలుగు ముందుపెట్టుకోండి. పాలవెల్లి కొలత కూడా చెప్పకండి. వెలగకాయ, మొక్కజొన్నపొత్తు వేలాడదీసేసరికి వంగిపోయే పాలవెల్లి ఎంతుంటే ఏం లాభం?

బొమ్మలు తీసుకెళ్ళే వేళ అందరికీ ఒకటే చెప్పండి: "చవితి పొద్దున రండి." సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. ఆ గంటన్నరలో ఎవరూ బొమ్మని కదపరు, తొమ్మిది కొట్టగానే అందరూ ఒక్కసారి మీద పడతారు. ఆ తోపులాటలో ఎవరి బొమ్మ ఎవరికి పోయినా చూసేవాడుండడు. తీసుకెళ్ళినవాడికి వ్రతకథ చదువుకునే తొందర, నెలవంక కనిపించేలోపు అక్షింతలు వేసుకోవాలన్న భయం.

ఇన్ని చెప్పాక ఎలా రాయకూడదో కూడా చూపించాలి. మా ఎదుటి వరసలో కొత్తగా వచ్చిన కుర్రాడు నల్లబోర్డు మీద సుద్దముక్కతో ఇలా రాసి పెట్టాడు:

"చవితి సెప్టెంబరు 14, సోమవారం. మా దగ్గర పచ్చిమట్టి బొమ్మలు మాత్రమే. ఆరిన తర్వాతి ఎత్తు, పీటతో కలిపి: 6 అంగుళాలు 120 రూపాయలు, 9 అంగుళాలు 250, అడుగు 500, రెండడుగులు 2,200. రంగు లేనివీ, నీటిరంగులు వేసినవీ ఉన్నాయి. ఎనామిల్ వేయము. ఆరంగుళాలవి, తొమ్మిదంగుళాలవి బుకింగు లేకుండా దొరుకుతాయి. అడుగు బొమ్మకు ఆగస్టు 10 నుంచి ఆగస్టు 31 వరకు, రెండడుగుల బొమ్మకు ఆగస్టు 10 నుంచి 22 వరకు బుకింగు. ఆ తర్వాత తీసుకోము, మట్టి ఆరదు. అడ్వాన్సు సగం, రశీదు ఇస్తాము. బొమ్మలో చీలిక ఉంటే డబ్బు వాపసు. తీసుకెళ్ళేది 12 శనివారం, 13 ఆదివారం ఉదయం 8 నుంచి రాత్రి 9 వరకు. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు, చూసుకుని రండి. పత్రి 13 మధ్యాహ్నం వస్తుంది, ముందు తెస్తే వాడుతుంది. కట్టలో ఏ ఆకులున్నాయో, ఏవి దొరకలేదో చీటీ ఉంటుంది. బొమ్మ అడుగున తడివేలుతో రుద్ది చూసుకోవచ్చు."

చివరి వాక్యం చూశారా? పక్కనే నీళ్ళ గ్లాసు కూడా పెట్టాడు. జనం బోర్డు ముందు ఆగుతారు, చదువుకుంటారు, లోపలికి పోయి రశీదు రాయించుకుని వచ్చేస్తారు. బేరం లేదు, బతిమాలడం లేదు, "కరుగుతుందా?" అన్న ప్రశ్నే లేదు. ఆగస్టు 23న వచ్చిన ఒక పెద్దమనిషి రెండడుగుల బొమ్మకి రెట్టింపు ఇస్తానన్నా పుచ్చుకోలేదట. అలాంటివాడికి వ్యాపారం ఏం తెలుస్తుంది? ఆ పెద్దమనిషి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు, నేను తప్పకుండా అన్నాను.

మీ వీధిలో కూడా ఇలాంటి బోర్డు కనిపిస్తే దయచేసి ఫొటో తీసి నలుగురికీ పంపకండి. అడుగు బొమ్మకి వాడి దగ్గర ఆగస్టు 31 వరకు గడువుంది.