సవినయంగా, తేదీలు లేకుండా

మా ఆఫీసులో లీవు మెయిల్ రాయడం ఒక్కరి పని కాదు. ఒకరు రాస్తారు, నలుగురు టోన్ చూస్తారు. మేనేజర్ మూడ్‌ను బట్టే లీవు వస్తుందనీ, ఆ మూడ్ మన మర్యాదను బట్టి ఉంటుందనీ వీళ్ల సిద్ధాంతం. తేదీలు మాత్రం ఎవరూ చూడరు. టోన్ మీద అభిప్రాయం చెప్పడానికి క్యాలెండర్ తెరవక్కర్లేదు కదా!

2025 సంక్రాంతికి ముందు అకౌంట్స్‌లోని ఓ మిత్రుడు తన మెయిల్ నాకు చూపించాడు. అప్పటికే ముగ్గురు దిద్దారు. ఒకాయన ‘రెస్పెక్టెడ్’ తీసేసి ‘డియర్’ పెట్టాడు. రెండో ఆయన ‘డియర్’ మరీ చనువుగా ఉందని ‘రెస్పెక్టెడ్’ తెచ్చాడు. మూడో ఆవిడ రాజీ కుదిర్చి రెండూ ఉంచింది. నాలుగు పేరాల్లో ‘కైండ్లీ’ ఆరుసార్లు, క్షమాపణ మూడుసార్లు. ఆ మర్యాద అంతటి మధ్యలో ఒక్క వాక్యం: ‘10 నుంచి 20 వరకు అయిదు రోజులు సెలవు కావాలి.’

“ఎప్పుడు వెళ్తున్నావయ్యా?” అన్నాను.

“10 శుక్రవారం ఆఫీసయ్యాక రాత్రి బస్సు. 20 సోమవారం పొద్దున్న డ్యూటీకి వచ్చేస్తా.”

అంటే 10న, 20న ఉంటాడు. సెలవు 13 సోమవారం నుంచి 17 శుక్రవారం దాకానే. అందులో 14న సంక్రాంతికి ఆఫీసే మూత, కాబట్టి ఖర్చయ్యేవి నాలుగు లీవులు. లీవుల మధ్య పడ్డ సెలవును కూడా లీవుగా లెక్కేసే సాండ్‌విచ్ రూలుంటే అయిదు. ఈయన రాసిన 10, 20 కలుపుకుంటే పనిదినాలే ఆరు. అదే రూలుతో శనాదివారాలూ పండగా కలిపితే పదకొండు! బస్సు ఎక్కే తేదీని లీవు తేదీగా రాసినందుకు పడేది ఇంత. హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌కి ‘కైండ్లీ’ అర్థం కాదు, అంకెలే అర్థమవుతాయి.

“మరి నీ పని?”

“రాశాగా. ‘నా గైర్హాజరీలో టీమ్ చూసుకుంటుంది.’”

టీమ్ అంటే ఎవరయ్యా అంటే పక్క సీటు కుర్రాణ్ణి చూపించాడు. ఆ కుర్రాడు గంట క్రితమే అవే తేదీలకు భీమవరం వెళ్తానని మెయిల్ కొట్టాడు. వాడి మెయిల్లోనూ పని టీమే చూసుకుంటుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని గోదావరి దాటేస్తున్నారన్నమాట.

అసలు సంగతి 15వ తారీఖుది. ఆ రోజు వెండర్లకు డబ్బు వెళ్లాలి. బ్యాంకు సైట్లో ఫైలు ఎక్కించే మేకర్ ఈయనే. ఆమోదించే చెకర్ ఇంకొకరు. ఓటీపీ వచ్చేది ఈయన ఫోనుకు. 15 కనుమ. ఊళ్లో అటక మీదికెక్కి ఫోను పైకెత్తితే తప్ప సిగ్నల్ అందదని గొప్పగా చెప్పేదీ ఈయనే. పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి వెళ్తానన్నాడు. మేకర్, చెకర్ అని ఇద్దర్ని పెట్టిందే ఏ ఒక్కరూ ఒంటరిగా డబ్బు కదపకూడదని, ఎవరు ఏం చేశారో తెలియాలని. చీటీతో అప్పగింత ఎలా అవుతుంది? పైగా ఓటీపీ చీటీకి రాదు.

పండక్కి ఊరెళ్లని ఒకావిడ ఉంది. ముందు ఆమెను అడగమన్నాను, పేరు రాసే ముందు. ఆమె పేరుతో మేకర్ హక్కులకు బ్యాంకుకు దరఖాస్తు అవాళే పెట్టించాం. అది గంటలో తెమిలే పని కాదు. 9వ తేదీన అసలు ఫైలొకటి ఆమె చేతే ఎక్కించి, ఈయన పక్కన చేతులు కట్టుకు కూర్చోవాలి. ఎక్కడ ఆగితే అక్కడే అప్పగింతలో చిల్లు.

చివరికి మెయిల్ ఇలా తేలింది: ‘జనవరి 13 సోమవారం నుంచి 17 శుక్రవారం వరకు, ఆ రెండు రోజులూ కలిపి, సెలవు కోరుతున్నాను. 14 ఆఫీసు సెలవు గనుక నాలుగు లీవులు. 20 సోమవారం డ్యూటీలో ఉంటాను. 15న వెండర్ చెల్లింపులు ఫలానా ఆవిడ చేస్తారు, ఒప్పుకున్నారు. 9న ఆమె చేత ఒకసారి చేయించి చూస్తాను. అనుమతించగలరు.’

టోన్ గురించి నేను దిద్దింది ఒక్కటే. ‘టికెట్లు కొనేశాను’ అన్న వాక్యం కొట్టేశాను. అది ఉంటే అనుమతి అడిగినట్టుండదు, కబురు పంపినట్టుంటుంది.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. మిత్రుడు ఫోను పట్టుకుని పాలిపోయిన మొహంతో నా దగ్గరికొచ్చాడు.

“సార్ ‘ఓకే’ అన్నారు. కానీ పక్కన ఫుల్‌స్టాప్ పెట్టారు. కోపంగా ఉన్నారంటారా?”

అప్పటికే ఆ ముగ్గురూ ఈయన వెనక చేరారు, చుక్క టోన్ చూడ్డానికి.