వారంటీ చివరి నెలలో పుట్టే ప్రేమ

ఏడాదంతా ఫోనెత్తని కంపెనీ వారంటీ ఆఖరి నెలలో మాత్రం రోజూ ఫోన్ చేస్తుంది. గమనించారా? ఆర్వో నీళ్ల మిషన్ కారుతోందని మీరు మొత్తుకుంటే పాట పెట్టి పడుకున్నది వీళ్లే. ఇప్పుడు "సార్, వారంటీ అయిపోతోంది, ఏఎంసీ తీసుకోండి" అని తేదీతో సహా గుర్తుచేస్తున్నదీ వీళ్లే!

అమ్మేరోజు ఏమన్నారు? "బిగించాక ఇక చూసుకోనక్కర్లేదు సార్." ఇప్పుడో? "ఏ పార్టు ఎప్పుడు పోతుందో చెప్పలేం సార్." అదే మిషన్. అదే నోరు.

ఫోన్‌కి లొంగకపోతే మనిషే వస్తాడు. ఉచిత చెకప్ అట! గ్లాసులో టీడీఎస్ మీటర్ ముంచుతాడు. 120 చూపిస్తుంది. "మెంబ్రేన్ పోయింది సార్" అని విషాదంగా తల ఊపుతాడు. మరి లోపలికొచ్చే నీళ్ల సంగతేంటి బాబూ? అది మాత్రం కొలవడు. మీ బోరు నీళ్లలో 800 ఉండి, 120 వచ్చిందంటే నూటికి 85 వంతులు వడకట్టినట్టే. తాగునీటికి మన దేశ ప్రమాణం 500 దాకా ఒప్పుకుంటుంది. అదే 800కి 400 వస్తోందా? అప్పుడు అనుమానించాలి. అప్పుడు కూడా రుచి కోసం పచ్చినీళ్లు కలిపే టీడీఎస్ స్క్రూను ముందు పూర్తిగా మూయించి, కాసేపు నీళ్లు పోనిచ్చి, మళ్లీ కొలిపించాలి. ఆ స్క్రూ కొంచెం తిప్పితే చాలు, బాగున్న మెంబ్రేన్ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది.

ఇక కాగితం చూడండి. పైన పెద్దక్షరాల్లో "కాంప్రహెన్సివ్". కింద చీమతలంత అక్షరాల్లో ఫిల్టర్లు, మెంబ్రేన్ "అరిగిపోయే వస్తువులు" గనక వర్తించవని. అరిగేవే అవి కదా! వాటిని తీసేస్తే మిగిలేది పంపు, అడాప్టర్, వాల్వు. అవి ఏటేటా పోయే సరుకా? అన్ని కాంట్రాక్టులూ ఇలాగే ఉండవు, మెంబ్రేన్ కలిపి ఇచ్చేవీ ఉన్నాయి. కాబట్టి ఏమేం మారుస్తారో, ఎన్నిసార్లు మారుస్తారో పేరుపేరునా రాయించుకోండి. నోటి మాట మీద సంతకం పెట్టారో, మీ పని గోవిందా.

తేదీ కూడా చూడండి. ఇవాళ డబ్బు కడితే కాంట్రాక్టు ఇవాళే మొదలైపోవచ్చు. వారంటీ ఇంకా 25 రోజులుంటే? ఉచితంగా రావాల్సిన సేవకే మళ్లీ డబ్బు కట్టించుకున్నారన్నమాట. వారంటీ ముగిసిన మర్నాటి తేదీ వేయమనండి. కుదరదంటే వారంటీ ముగిశాకే కడతాననండి. ఎక్కడికీ పోరులెండి, మళ్లీ ఫోన్ చేస్తారు.

"పంపు కూడా వీక్‌గా ఉంది సార్" అన్నాడా? భేష్! ఆ ముక్క సర్వీసు స్లిప్పు మీద రాసి, సంతకం పెట్టి, వారంటీలోనే ఇప్పుడే మార్చమనండి. ఒక్క నిమిషంలో పంపు ఆరోగ్యం ఎలా కుదుటపడుతుందో మీరే చూస్తారు.