ప్రొఫైల్‌కి మట్టి అంటకుండా రాయడం ఎలా?

బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్లూ చదివాక ఉద్యోగం వచ్చేస్తుందేమోనని భయపడేవాళ్లు ప్రొఫైల్‌ను ఇలా రాసుకోవాలి.

మొదటి వాక్యంలో ‘వ్యవసాయం పట్ల అమితమైన మక్కువ గలవాణ్ణి’ అనండి. బ్యాచ్‌లో అందరూ అదే రాస్తారు కాబట్టి, మిమ్మల్ని విడిగా గుర్తుపట్టే శ్రమ కంపెనీకి తప్పుతుంది.

ఆఖరి ఏడాది రావె పేరుతో మిమ్మల్ని పల్లెకు పంపారు కదా. అది గుంటూరు వైపు మిర్చి ఊరే అనుకుందాం. ‘క్షేత్రస్థాయి అనుభవం కలదు’ అని ఒక్క ముక్కలో తేల్చేయండి. కళ్లంలో రైతు పక్కన కూర్చుని కాయల్లో తేమ కొలిచిన సంగతి పొరపాటున కూడా బయటపెట్టొద్దు. ఎందుకంటే మసాలా కంపెనీలో సరుకు కొనే ఉద్యోగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పండుకాయలో ముప్పావు వంతు దాకా నీళ్లే. ఎండి పది, పదకొండు శాతానికి దిగితేనే నిల్వకు పనికొస్తుంది. పట్టా కప్పకుండా రాత్రి మంచుకి వదిలేసినా, తూకం కోసం టిక్కీల మీద నీళ్లు చల్లినా, లోపల బూజు పట్టి అఫ్లటాక్సిన్ పుడుతుంది. అది పైకి కనపడదు. ఐరోపాకు పంపే మిర్చిలో కిలోకు మొత్తం పది మైక్రోగ్రాములు దాటితే సరుకు వెనక్కి వస్తుంది.

ఇంటర్వ్యూలో ‘పద్నాలుగు శాతం తేమున్న క్వింటా కొంటే నష్టమెంత?’ అని అడగొచ్చు. లెక్క చిన్నదే. అందులో అసలు పదార్థం 86 కిలోలు. పది శాతానికి ఆరితే మిగిలేది 95 కిలోల చిల్లర. అంటే దాదాపు నాలుగున్నర కిలోల నీళ్లను మిర్చి ధరకు కొన్నట్టు. ఈ లెక్క ప్రొఫైల్‌లో రెండు వరుసల్లో రాస్తే పిలుపు వచ్చే ప్రమాదముంది. ఆ చోట ‘ఎంఎస్ ఆఫీస్ తెలుసు’ అని నింపండి.

రైతు సలహా సంస్థకైనా, పురుగుమందుల కంపెనీకైనా అదే కాగితం పంపండి, అక్షరం మార్చకుండా. 2021-22లో మిర్చిని ఊడ్చేసిన నల్ల తామరపురుగు మళ్లీ కనపడగానే, మీ రైతు మందు మీద మందు కొట్టి మిత్రపురుగుల్నే చంపుకున్నాడు. మీరు పూలను తెల్లకాగితం మీద దులిపి పురుగులు లెక్కపెట్టి, ‘బాబాయ్, ఈ వారం ఆ మందు ఆపు’ అన్నారు. సలహా సంస్థకు కావలసింది సరిగ్గా ఆ మాటే కనుక దాన్ని దాచేయండి. మందుల కంపెనీ మాత్రం ఏ డీలరు దగ్గర ఏ మందు కదులుతోందో అడుగుతుంది. ఆ సంగతి మీకు ఊళ్లో టీకొట్టు దగ్గరే తెలిసింది గానీ, టీకొట్టు సిలబస్‌లో లేదుగా!

చివర్న హాబీలు: క్రికెట్, సంగీతం. ఫొటో మాత్రం కళ్లంలో దిగిందే పెట్టండి, వెనకాల కాయలు కనపడకుండా కత్తిరించి.